సదస్సు ఆహ్వాన ప్రకటన పునర్లేఖనం: వేటపాలెం నేపథ్యంగా ఒక నమూనా పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్య సదస్సులకు పత్రాలను ఆహ్వానిస్తూ వెలువడే ప్రకటనలలో కొన్ని మాటలు రెండేసి అర్థాలకు తావిస్తున్నాయి. ‘పత్ర సమర్పణ’, ‘స్వీకరణ’, ‘ఎంపిక’, ‘లోపు’ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. విషయపరిధి, పత్రం పంపే నియమాలు, సమీక్షావిధానం, తేదీలు అనే నాలుగు అంశాలలోనూ ఈ సందిగ్ధత కనిపిస్తుంది. వేటపాలెంలో జరగగల ఒక సదస్సును ఊహించి కూర్చిన నమూనా ప్రకటనలోని దోషాలను ఈ వ్యాసం గుర్తించి, వాటిని సవరించే పద్ధతిని క్రమంగా వివరిస్తుంది. చివర తిరగరాసిన ప్రకటన పూర్తిపాఠాన్నీ, దానిని విడుదలకు ముందు పరీక్షించే విధానాన్నీ ఇస్తుంది.

కీలకపదాలు: సదస్సు ఆహ్వాన ప్రకటన, పత్రసంగ్రహం, విషయపరిధి, సమీక్ష, గడువు, యూనికోడ్, గ్రంథాలయోద్యమం, వేటపాలెం.

1. ఉపోద్ఘాతం

ఒక పరిశోధక విద్యార్థి ‘పత్ర సమర్పణకు చివరి తేదీ డిసెంబరు 7’ అన్న వాక్యాన్ని చదివి, ఆ రోజుకు సంగ్రహం పంపితే చాలునని భావించవచ్చు. అదే వాక్యాన్ని చదివిన మరొకరు పూర్తి పత్రం పంపాలని అర్థం చేసుకోవచ్చు. ఆ రోజే సదస్సులో పత్రం చదవాలేమోనని ఇంకొకరు సందేహించినా తప్పుపట్టలేము. ‘సమర్పణ’ అన్న మాటను తెలుగు విద్యారంగం పంపడానికీ, వేదికపై చదవడానికీ సమానంగానే వాడుతోంది. చదివేవారు అజాగ్రత్తగా ఉండడం ఈ అపార్థానికి కారణం కాదు. ఆ వాక్యంలో తెలియవలసిన సమాచారం లేదు.

ఇటువంటి అపార్థం వల్ల కలిగే నష్టం స్వల్పమైనది కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల కింద నమోదైన పరిశోధకులు సిద్ధాంతగ్రంథం సమర్పించేలోగా సదస్సులలో రెండు పత్రాలు చదవడం, ఒక పత్రం ప్రచురించడం తప్పనిసరి. 2022 నిబంధనలు జాతీయస్థాయిలో ఆ తప్పనిసరిని తొలగించాయి. అయినా అధ్యాపకులకూ పరిశోధకులకూ సదస్సు పత్రం ఇప్పటికీ విద్యాసంబంధమైన ఆధారమే. గడువు తప్పితే కొందరు ఒక విద్యాసంవత్సరం పాటు మరో అవకాశం కోసం వేచి ఉండవలసి వస్తుంది. ఆమోదపత్రం ఆలస్యమైతే అధ్యాపకునికి ఆన్ డ్యూటీ అనుమతి దొరకదు.

ఈ వ్యాసానికి ఆధారంగా తీసుకున్న ప్రకటనను ఏ సంస్థా విడుదల చేయలేదు. తెలుగు ప్రకటనలలో తరచుగా కనిపించే లక్షణాలను ఒకచోట చూపడానికి కూర్చిన నమూనా ఇది. స్థలంగా వేటపాలెంను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1918లో ఇక్కడ ఆరంభమైన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల సంచికలకు ప్రసిద్ధి పొందిన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. పత్రికలను, గ్రంథాలయాలను కలిపి చర్చించే సదస్సుకు ఇది సహజమైన స్థలం. పాత సంచికలను చూడడానికి పరిశోధకులు ప్రయాణం చేసి రావలసి ఉంటుంది కాబట్టి, ప్రకటనలోని తేదీలు సరిపోతాయో లేదో పరీక్షించడానికి కూడా ఈ ఊరు అనుకూలమైన ఉదాహరణ.

2. నమూనా ప్రకటన: తొలి రూపం

“వేటపాలెంలో 2027 ఫిబ్రవరి 26, 27 తేదీలలో ‘తెలుగు సాహిత్యం, పత్రికలు, గ్రంథాలయాలు – సమాజం’ అనే అంశంపై రెండు రోజుల జాతీయ సదస్సు నిర్వహించబడుతుంది. ఆసక్తిగల అధ్యాపకులు, పరిశోధకులు ప్రధానాంశానికి సంబంధించిన ఏ అంశంపైనైనా పత్రాలు పంపవచ్చును. పత్ర సమర్పణకు చివరి తేదీ డిసెంబరు 7. పత్రాలు 5 పేజీలకు మించరాదు. అను ఫాంట్ లేదా యూనికోడ్‌లో పంపాలి. డిసెంబరు 7 లోపు స్వీకరించిన పత్రాలను నిపుణుల కమిటీ పరిశీలించి ఎంపిక చేస్తుంది. ఎంపికైన పత్రాలు ఐ.ఎస్.బి.ఎన్. కలిగిన ప్రముఖ పత్రికలో ప్రచురించబడతాయి. తుది నిర్ణయం నిర్వాహకులదే.”

పైకి చూస్తే ఈ ప్రకటనలో కావలసినవన్నీ ఉన్నట్లే తోస్తుంది. అంశం, తేదీ, పుటల పరిమితి, కమిటీ, ప్రచురణ అన్నీ ప్రస్తావనకు వచ్చాయి. కానీ పత్రం రాయదలచిన వ్యక్తి వేసే మొదటి ప్రశ్నలకు ఇందులో సమాధానం దొరకదు. తన అంశం దీని పరిధిలోకి వస్తుందా? ఇప్పుడు సంగ్రహం పంపాలా, పత్రం పంపాలా? ఎంపిక అంటే చదవడానికా, ప్రచురణకా? ఫలితం ఏనాటికి తెలుస్తుంది? ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా తీసుకొని సవరణను చూడవచ్చు.

3. విషయపరిధిని నిర్ణయించడం

‘తెలుగు సాహిత్యం, పత్రికలు, గ్రంథాలయాలు – సమాజం’ అన్నది నాలుగు నామవాచకాల వరుస. వాటి మధ్య సంబంధమేమిటో శీర్షిక చెప్పదు. దీనికి ‘ఏ అంశంపైనైనా’ అన్న మాట తోడైతే శతక సాహిత్యంపై పత్రం కూడా రావచ్చు, దానిని తిరస్కరించడానికి నిర్వాహకుల వద్ద కారణం ఉండదు. పరిధిని విస్తృతంగా ఉంచితే ఎక్కువమంది వస్తారన్న ఆలోచన దీని వెనుక ఉంటుంది. ఫలితంగా ఒకే గోష్ఠిలో పరస్పరం సంబంధంలేని అయిదు పత్రాలు చేరి, చర్చ సాగదు.

శీర్షికలోని నామవాచకాలను ఒక ప్రశ్నగా మార్చడం సవరణలో మొదటి పని. ఇక్కడ ఆ ప్రశ్న ఇలా రూపొందుతుంది: తెలుగు పత్రికలు గ్రంథాలయోద్యమాన్ని ఎలా నడిపించాయి, గ్రంథాలయాలు ఆ పత్రికలకు పాఠకులను ఎలా సమకూర్చాయి? ఈ ప్రశ్న ఉన్నప్పుడు పత్రికలలోని సాహిత్యాన్ని మాత్రమే విశ్లేషించే పత్రం పరిధిలోకి రాదని రచయితకే తెలుస్తుంది.

తరువాత కాలపరిమితిని నిర్ణయించాలి. మొదటి ఆలోచనలో 1914 తగిన ఆరంభంగా కనిపిస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక, మద్రాసు నుండి దినపత్రికగా వెలువడడం ఆరంభించినదీ 1914లోనే. కానీ ఈ సంవత్సరాన్ని హద్దుగా పెడితే 1901లో హైదరాబాదులో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆరంభదశ, 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక తొలి సంవత్సరాలు బయటే ఉండిపోతాయి. నిర్వాహకులు ఆ రెండింటినీ కోరుకుంటే ఆరంభ సంవత్సరం 1901 కావాలి. ముగింపు 1947.

ఈ చర్చ మరో సమస్యను కూడా బయటపెడుతుంది. శీర్షికలో ‘ఆంధ్రప్రాంతం’ అని రాస్తే హైదరాబాదు సంస్థానంలోని తెలుగు జిల్లాలు చేరతాయా లేదా అన్నది చదివేవారి ఊహకు వదిలినట్లవుతుంది. ‘మద్రాసు రాజధానిలోనూ హైదరాబాదు సంస్థానంలోనూ ఉన్న తెలుగు జిల్లాలు’ అని రాస్తే సందేహం తీరుతుంది. జిల్లాల పేర్ల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. 1970కి ముందు గుంటూరు జిల్లాలో ఉన్న వేటపాలెం తరువాత ప్రకాశం జిల్లాలో, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉంది. రచయితలు ఏ పేరును వాడాలో ప్రకటన ఒక్క వాక్యంలో చెబితే సంపాదకులకు తరువాత శ్రమ తగ్గుతుంది.

కాలపరిమితి దేనికి వర్తిస్తుందో కూడా చెప్పాలి. 1901–1947 అన్నది పరిశీలించే కాలానికి హద్దు. ఆధారగ్రంథం ప్రచురణ తేదీకి అది హద్దు కాదు. ఒక గ్రంథాలయ కార్యకర్త 1930ల నాటి అనుభవాలను 1960లలో రాసి ఉంటే ఆ రచన ఆధారంగా స్వీకార్యమే. ఈ వివరణ లేకపోతే జ్ఞాపకాలపై ఆధారపడే పరిశోధకులు తమంతట తామే వెనుకకు తగ్గుతారు.

చివరగా, పరిధిలోకి రానివాటిని రెండు మూడు ఉదాహరణలతో పేర్కొనాలి. ఇరవై ఉపాంశాల జాబితా చేయలేని పనిని ఈ రెండు మూడు ఉదాహరణలు చేస్తాయి. ఉపాంశాల జాబితా ‘మొదలైనవి’తో ముగిసినప్పుడు అది హద్దును చూపదు. పరిధిలోకి రానివి తెలిసినప్పుడే హద్దు కనిపిస్తుంది.

4. ఒక దశకు ఒక మాట

ప్రకటనలో వచ్చే సందేహాలలో ఎక్కువ భాగం పారిభాషిక పదాల అస్థిరత వల్ల కలిగేవే. ‘సమర్పణ’ గురించి పైన చెప్పుకున్నాము. ‘స్వీకరణ’ కూడా ఇటువంటిదే. ‘మీ పత్రం స్వీకరించాము’ అన్న సమాధానం వచ్చినప్పుడు, పత్రం చేరిందని అర్థమా, ఆమోదం పొందిందని అర్థమా? మొదటి అర్థంలో పంపిన సమాధానాన్ని రచయిత రెండవ అర్థంలో గ్రహించి సెలవు పెట్టుకొని, టికెట్టు కొనుక్కొనే ప్రమాదం ఉంది. ‘పరిశీలన’ పుటల సంఖ్య, ఫాంటు సరిచూడడాన్నీ సూచిస్తుంది, విషయనిపుణుల సమీక్షనూ సూచిస్తుంది.

దీనికి పరిష్కారం కొత్త పదాలను సృష్టించడం కాదు. ఉన్న మాటలలో ఒక్కొక్క దశకు ఒక్కొక్కదానిని కేటాయించి, ప్రకటన అంతటా దానినే వాడాలి. సాహిత్యరచనలో పునరుక్తి దోషమని పర్యాయపదాలు వాడే అలవాటు తెలుగు అధ్యాపకులకు బలంగా ఉంటుంది. నియమాలు చెప్పే రచనలో ఆ అలవాటును పక్కన పెట్టక తప్పదు. పర్యాయపదం కనిపించినచోటల్లా చదివేవారు అది మరో దశ కావచ్చునని అనుమానిస్తారు.

ఈ నమూనాలో అయిదు మాటలు సరిపోతాయి. రచయిత చేసేది ‘పంపడం’. చేరినట్లు నిర్వాహకులు తెలిపేది ‘అందినట్లు సమాచారం’. నిపుణులు చేసేది ‘సమీక్ష’. అనుకూలమైన నిర్ణయం ‘ఆమోదం’. వేదికపై జరిగేది ‘పత్రపఠనం’. ‘సమర్పణ’, ‘స్వీకరణ’, ‘ఎంపిక’ అన్న మూడు మాటలూ తిరగరాసిన ప్రకటనలో ఎక్కడా రావు.

‘ఆమోదం’ అన్న మాటకు ముందు కూడా ఒక విశేషణం అవసరం. సదస్సులో ఆమోదం రెండు రకాలు. సంగ్రహానికి ఆమోదం లభిస్తే పత్రపఠనానికి అర్హత కలుగుతుంది. పూర్తి పత్రానికి ఆమోదం లభిస్తే ప్రచురణకు అర్హత కలుగుతుంది. మొదటిది లభించి రెండవది లభించకపోవచ్చు. తొలి రూపంలోని ‘ఎంపిక’ ఈ రెండింటినీ ఒకటి చేసింది. సదస్సు ముగిసిన తరువాత ‘చదివిన పత్రాన్ని ఎందుకు ప్రచురించలేదు’ అన్న వివాదం పుట్టేది ఇక్కడే.

5. పత్రం పంపే నియమాలు

‘5 పేజీలకు మించరాదు’ అన్న నియమం కొలతలా కనిపిస్తుంది. కానీ ఫాంటు, అక్షర పరిమాణం, వరుసల ఎడం మారితే అదే పత్రం నాలుగు పుటలూ కావచ్చు, ఏడు పుటలూ కావచ్చు. అందువల్ల పరిమితిని పదాలలో చెప్పడం మేలు. అయితే ఆంగ్ల ప్రకటనల నుండి పదాల సంఖ్యను యథాతథంగా తెచ్చుకోకూడదు. తెలుగులో విభక్తి ప్రత్యయాలు నామానికి అంటుకొని ఉంటాయి, సంధులూ సమాసాలూ అనేక పదాలను ఒకటి చేస్తాయి. ఒకే విషయాన్ని చెప్పడానికి తెలుగుకు ఆంగ్లం కంటే తక్కువ పదాలు చాలుతాయి. ఆంగ్లంలో 4000 పదాలు కోరే నిర్వాహకులు తెలుగులో 2500 నుండి 3000 పదాలు కోరడం సమంజసం. ఆ లెక్కలో పాదసూచికలు, ఉపయుక్త గ్రంథసూచి చేరతాయో లేదో చెప్పడం మరువకూడదు.

‘అను ఫాంట్ లేదా యూనికోడ్’ అన్న వెసులుబాటు మరింత చిక్కైనది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరరూపాలు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంకేతస్థానాలలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పత్రం తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేక స్థానం ఉంది కనుక మండలి, రామరాజ, గౌతమి వంటి ఏ యూనికోడ్ ఫాంటులోనైనా పాఠం నిలుస్తుంది. మార్పిడి సాధనాలతో అను పాఠాన్ని యూనికోడ్‌కు మార్చినప్పుడు వత్తులు, అంకెలు, విరామచిహ్నాలు తారుమారు కావచ్చు. ఆ దోషాలను రచయితే సరిచూడాలి తప్ప సమీక్షకునికి వదలకూడదు.

ఈ తేడా గ్రంథచౌర్య పరీక్షపై కూడా ప్రభావం చూపుతుంది. పాఠసామ్యాన్ని గుర్తించే సాధనాలు అక్షరసంకేతాలను పోలుస్తాయి. అను ఫాంటులోని వాక్యానికీ, అంతర్జాలంలోని యూనికోడ్ వాక్యానికీ సంకేతాలు వేరు కనుక రెండూ ఒకటే అయినా సాధనం గుర్తించలేదు. కాబట్టి యూనికోడ్‌ను తప్పనిసరి చేయకుండా ‘పాఠసామ్యం 10 శాతం మించరాదు’ అని రాయడం నిరుపయోగం. ఆ 10 శాతం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల నుండి వచ్చినది. తగిన ఆధారం చూపిన ఉల్లేఖనలను, గ్రంథసూచిని ఆ నిబంధనలు లెక్క నుండి మినహాయిస్తాయి. పాత పత్రికల నుండి విరివిగా ఉల్లేఖించవలసిన ఈ సదస్సులో ఆ మినహాయింపును ప్రకటనలోనే చెప్పడం అవసరం.

మూడవది రచయిత పేరు కనిపించకుండా చూసే నియమం. ‘పత్రంలో పేరు రాయవద్దు’ అంటే చాలదు. మొదటి పుటలో పేరు తీసివేసినా, ‘నా ఎం.ఫిల్. పరిశోధనలో చూపినట్లు’ అన్న వాక్యం, కృతజ్ఞతలు, ఫైలు పేరు, ఫైలు లోపల దాగిన రచయిత వివరాలు గుర్తింపును బయటపెడతాయి. వర్డ్‌లో `File > Info > Check for Issues > Inspect Document` ద్వారా దాగిన వివరాలను తొలగించవచ్చు. ఈ ఒక్క మార్గాన్ని ప్రకటనలో ఇస్తే సరిపోతుంది.

6. సమీక్షావిధానం

‘నిపుణుల కమిటీ పరిశీలించి ఎంపిక చేస్తుంది’ అన్న వాక్యం నుండి ఎవరు, ఎందరు, దేని ఆధారంగా, ఎన్నాళ్లలో అన్నవి తెలియవు. వీటికి సమాధానం రాయాలంటే ముందుగా నిర్వాహకులే లెక్క వేసుకోవాలి. ప్రారంభసభ, ముగింపుసభ పోగా రెండు రోజులలో అయిదు గోష్ఠులు నడపవచ్చు. గోష్ఠికి అయిదు పత్రాలు, ఒక్కొక్కదానికి పఠనానికి 15 నిమిషాలు, చర్చకు 5 నిమిషాలు కేటాయిస్తే మొత్తం 25 పత్రాలకు చోటుంటుంది. ఒక్కొక్క పత్రాన్ని ఇద్దరు చదవాలంటే 50 సమీక్షలు అవసరం. ఒక సమీక్షకునికి అయిదు పత్రాలకు మించి ఇవ్వకూడదనుకుంటే పదిమంది సమీక్షకులు కావాలి. వారి సమ్మతి ముందే పొందకుండా ప్రకటనలో ‘ఇద్దరు నిపుణుల సమీక్ష’ అని రాస్తే ఆ మాట నిలవదు. పదిమంది దొరకకపోతే ‘ఒకరు సమీక్షిస్తారు’ అని రాయడమే నిజాయితీ.

సంగ్రహాన్నీ పూర్తి పత్రాన్నీ ఒకే ప్రమాణంతో చూడడం కుదరదు. సంగ్రహంలో పరిశోధన ప్రశ్న, ఆధారాలు, పద్ధతి, తేలిన లేదా తేలనున్న విషయం అన్న నాలుగూ ఉన్నాయా అని చూస్తారు. ఆధారాలంటే ‘పాత పత్రికలు’ అని కాక, ఏ పత్రిక, ఏ సంవత్సరాల సంచికలు, ఎక్కడ చూశారు లేదా చూడనున్నారు అన్న వివరం. పూర్తి పత్రంలో వాదనకు ఆధారాలు సరిపోయాయా, పూర్వపరిశోధనను గుర్తించారా, ఉల్లేఖనలకు సంచిక తేదీ, పుటసంఖ్య ఉన్నాయా అన్నవి చూస్తారు.

నిర్ణయాలకు కూడా పేర్లు పెట్టాలి. ఆమోదం, సవరణతో ఆమోదం, తిరస్కారం అన్న మూడు చాలు. ఇద్దరు సమీక్షకులు భిన్నాభిప్రాయం చెబితే మూడవ సమీక్షకుని అభిప్రాయం తీసుకుంటారని, తిరస్కారానికి కారణాలు రాతపూర్వకంగా పంపుతారని చెప్పాలి. ‘తుది నిర్ణయం నిర్వాహకులదే’ అన్న వాక్యం ఈ పద్ధతినంతటినీ రద్దు చేస్తుంది కనుక దానిని తొలగించాలి.

పరస్పర అజ్ఞాత సమీక్షకు ఒక పరిమితి ఉంది. పాత పత్రికలపై పనిచేసేవారు తెలుగులో కొద్దిమందే. అంశాన్ని బట్టే రచయితను సమీక్షకుడు ఊహించగలడు. ప్రకటన దీనిని పూర్తిగా నివారించలేదు. పర్యవేక్షకులు, ఒకే శాఖలో పనిచేసేవారు ఒకరి పత్రాన్ని మరొకరు సమీక్షించరని మాత్రం హామీ ఇవ్వగలదు.

ప్రచురణ వాక్యంలో మరో పొరపాటు ఉంది. ఐ.ఎస్.బి.ఎన్. పుస్తకానికి ఇచ్చే సంఖ్య, పత్రికలకు ఇచ్చేది ఐ.ఎస్.ఎస్.ఎన్. ‘ఐ.ఎస్.బి.ఎన్. కలిగిన పత్రిక’ అన్నప్పుడు రచయితకు లభించేది పుస్తకంలో అధ్యాయమా, పత్రికలో వ్యాసమా అన్నది తెలియదు. ఈ రెండు సంఖ్యలలో ఏదీ నాణ్యతకు ధ్రువీకరణ కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది కనుక ఆ పేరుతో చేసే వాగ్దానానికీ ఇప్పుడు ఆధారం లేదు.

7. తేదీలు

‘డిసెంబరు 7 లోపు’ అన్నప్పుడు ఏడవ తేదీ గడువులో చేరుతుందా? కొందరు చేరుతుందంటారు, కొందరు ఆరవ తేదీతో ముగిసిందంటారు. ‘లోగా’, ‘నాటికి’ అన్న మాటలతోనూ ఇదే చిక్కు. తేదీ, వారం, గంట, ‘వరకు’ అన్న నాలుగూ కలిపి రాస్తే సందేహం ఉండదు. వారం పేరు అదనపు అలంకారం కాదు. అంకె అచ్చుతప్పు పడినప్పుడు వారం దానిని పట్టిస్తుంది. సంవత్సరాన్ని కూడా ప్రతి తేదీకీ రాయాలి, ఎందుకంటే ఈ ప్రకటనలో తేదీలు రెండు సంవత్సరాలలో పరచుకొని ఉన్నాయి.

తేదీలను సదస్సు రోజు నుండి వెనుకకు లెక్కించాలి. సదస్సు 2027 ఫిబ్రవరి 26, శుక్రవారం. కార్యక్రమపత్రం తయారుచేసి, ముద్రించడానికి మూడు వారాలు వదిలితే తుది నిర్ణయం ఫిబ్రవరి 5కు తెలియాలి. సవరించిన పత్రాలను సరిచూడడానికి తొమ్మిది రోజులు కావాలి కనుక అవి జనవరి 27కు రావాలి. రచయితకు సవరణకు మూడు వారాలు ఇవ్వాలంటే సమీక్షాఫలితం జనవరి 6న చేరాలి. ఆ మూడు వారాల మధ్యలో సంక్రాంతి సెలవులు ఉన్నాయి కాబట్టి ఇంకా తగ్గించడం తగదు. సమీక్షకులకు 21 రోజులు, అభిప్రాయభేదం వచ్చినచోట మూడవ సమీక్షకునికి తొమ్మిది రోజులు కలిపితే 30 రోజులు. అంటే పూర్తి పత్రం 2026 డిసెంబరు 7కు అందాలి.

సంగ్రహంపై నిర్ణయం అక్టోబరు 30న తెలిస్తే, పూర్తి పత్రానికి 38 రోజులు ఉంటాయి. అనంతపురం నుండో ఆదిలాబాదు నుండో వచ్చే పరిశోధకుడు ఈ వ్యవధిలో ఒకసారి వేటపాలెం వచ్చి సంచికలు చూసుకొని వెళ్లి రాయగలడు. తొలి రూపంలో సంగ్రహ దశే లేదు కనుక, ఆమోదం లభిస్తుందో లేదో తెలియకుండానే ఆ ప్రయాణం చేయవలసి వచ్చేది. రైలు రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతాయి. ఫిబ్రవరి 25 ప్రయాణానికి అది డిసెంబరు 27. సంగ్రహానికి ఆమోదం అప్పటికే చేతిలో ఉంటుంది.

గడువు పొడిగింపు గురించి కూడా ముందే ఆలోచించాలి. పూర్తి పత్రాల గడువును రెండు వారాలు పెంచి మిగతా తేదీలను అలాగే ఉంచితే, సమీక్షకు మిగిలేది 16 రోజులు. ఆ రెండు వారాలు సమీక్షకుని వద్ద నుండి తీసుకున్నవే. కాబట్టి గడువు పెంచకూడదు, లేదా తరువాతి తేదీలన్నీ మార్చి కొత్త పట్టిక విడుదల చేయాలి.

8. తిరగరాసిన ప్రకటన

జాతీయ సదస్సు: తెలుగు పత్రికలు – గ్రంథాలయోద్యమం (1901–1947)
వేటపాలెం, బాపట్ల జిల్లా. 2027 ఫిబ్రవరి 26, 27 (శుక్ర, శనివారాలు).

విషయం. తెలుగు పత్రికలు గ్రంథాలయోద్యమాన్ని ఎలా నడిపించాయి, గ్రంథాలయాలు పత్రికలకు పాఠకులను ఎలా సమకూర్చాయి అన్నది సదస్సు చర్చించే ప్రశ్న. మద్రాసు రాజధాని, హైదరాబాదు సంస్థానాలలోని తెలుగు జిల్లాలు పరిధిలోకి వస్తాయి. 1901–1947 అన్నది పరిశీలించే కాలం. ఆధారాలు తరువాత ప్రచురితమైనవైనా కావచ్చు. పత్రికలలోని కథలు, కవిత్వంపై సాహిత్యవిశ్లేషణ మాత్రమే చేసే పత్రాలు, 1947 తరువాతి గ్రంథాలయ చరిత్ర, నేటి గ్రంథాలయ నిర్వహణ పరిధిలోకి రావు. జిల్లాల పేర్లను పరిశీలించే కాలంలో ఉన్నట్లు రాసి, నేటి పేరును మొదటిసారి పక్కన చూపాలి.

పంపవలసినవి. మొదట 250–300 పదాల సంగ్రహం: ప్రశ్న, ఆధారాలు (పత్రిక, సంవత్సరాలు, లభించే చోటు), పద్ధతి, ఫలితం. సంగ్రహానికి ఆమోదం లభించినవారు 2500–3000 పదాల పూర్తి పత్రం పంపాలి. పాదసూచికలు, గ్రంథసూచి ఈ లెక్కలో చేరవు. యూనికోడ్ తెలుగులో, `.docx` ఫైలుగా, ఈ ఒక్క ఈ-మెయిలుకే పంపాలి: [చిరునామా]. రచయిత వివరాలు ఈ-మెయిలులో మాత్రమే ఉండాలి, ఫైలులో ఉండరాదు. ఫైలులో దాగిన వివరాలను `File > Info > Check for Issues > Inspect Document` ద్వారా తొలగించాలి. మూడు పనిదినాలలో అందినట్లు సమాచారం వస్తుంది. అది ఆమోదం కాదు.

సమీక్ష. సంగ్రహాలను సంపాదకమండలి సమీక్షిస్తుంది. 25 సంగ్రహాలకు మించి ఆమోదం ఇవ్వడం సాధ్యం కాదు. సంగ్రహానికి ఆమోదం లభించి, గడువులో పూర్తి పత్రం పంపినవారికి పత్రపఠనానికి అవకాశం ఉంటుంది. పూర్తి పత్రాన్ని రచయిత పేరు తెలియకుండా ఇద్దరు సమీక్షిస్తారు. వారు విభేదిస్తే మూడవవారు చూస్తారు. రచయిత పర్యవేక్షకులు, శాఖలోని సహోద్యోగులు ఆ పత్రాన్ని సమీక్షించరు. నిర్ణయాలు మూడు: ఆమోదం, సవరణతో ఆమోదం, తిరస్కారం. సమీక్షకుల వ్యాఖ్యలు ప్రతి రచయితకూ చేరతాయి. ఆమోదం పొందిన పత్రాలు సదస్సు తరువాత ఐ.ఎస్.బి.ఎన్. కలిగిన సంపాదిత గ్రంథంలో అధ్యాయాలుగా వెలువడతాయి. పాఠసామ్యం 10 శాతం మించరాదు. ఆధారం చూపిన ఉల్లేఖనలు, గ్రంథసూచి ఆ లెక్కలో చేరవు.

తేదీలు. (గడువులన్నీ ఆ రోజు రాత్రి 11.59 వరకు, భారత కాలమానం)

| దశ | తేదీ |
|---|---|
| సంగ్రహం పంపడానికి గడువు | 2026 అక్టోబరు 12, సోమవారం |
| సంగ్రహంపై నిర్ణయం తెలిపే రోజు | 2026 అక్టోబరు 30, శుక్రవారం |
| పూర్తి పత్రం పంపడానికి గడువు | 2026 డిసెంబరు 7, సోమవారం |
| సమీక్షాఫలితం తెలిపే రోజు | 2027 జనవరి 6, బుధవారం |
| సవరించిన పత్రం పంపడానికి గడువు | 2027 జనవరి 27, బుధవారం |
| ప్రచురణపై తుది నిర్ణయం | 2027 ఫిబ్రవరి 5, శుక్రవారం |
| సదస్సు | 2027 ఫిబ్రవరి 26, 27 |

గడువులు పొడిగించబడవు. నమోదు రుసుము సంగ్రహానికి ఆమోదం లభించిన తరువాతే చెల్లించాలి.

9. ముగింపు

తిరగరాసిన ప్రకటన తొలి రూపం కంటే నిడివిలో చాలా పెద్దది. నిడివి పెరిగినా, చదివేవారు నిర్వాహకులకు ఫోను చేసి అడగవలసిన ప్రశ్నలు తగ్గాయి. విడుదలకు ముందు దీనిని పరీక్షించడానికి ఒక సులభమైన మార్గముంది. ప్రకటన తయారీలో పాల్గొనని ఒక పరిశోధక విద్యార్థికీ, ఒక అధ్యాపకునికీ ఇచ్చి, నాలుగు ప్రశ్నలకు జవాబు రాయమనాలి: 1950లో వెలువడిన జ్ఞాపకాల ఆధారంగా 1935 నాటి గ్రంథాలయంపై పత్రం పంపవచ్చునా? డిసెంబరు 7 రాత్రి పది గంటలకు పంపిన పత్రం గడువులో ఉన్నట్లేనా? పూర్తి పత్రం తిరస్కారానికి గురైతే సదస్సులో చదవవచ్చునా? ఇద్దరు సమీక్షకులు విభేదిస్తే ఏమవుతుంది? ఇద్దరి జవాబులూ ఒకటి కాకపోతే తప్పు వారిది కాదు. ఏ వాక్యం దగ్గర వారు విడిపోయారో ఆ వాక్యాన్ని మళ్లీ రాయాలి.

మూడవ ప్రశ్నకు జవాబు చాలా ప్రకటనలలో దొరకదు. నిర్వాహకులు దానిపై ముందుగా నిర్ణయం తీసుకోకపోవడమే అందుకు కారణం. ప్రకటనలోని అస్పష్ట వాక్యం అనేక సందర్భాలలో తీసుకోని నిర్ణయానికి గుర్తు. కనుక పునర్లేఖనం భాషను సరిచేయడంతో మొదలైనా, సదస్సు నిర్వహణలో మిగిలిపోయిన నిర్ణయాలను పూర్తిచేయడంతోనే ముగుస్తుంది.